బండి లాగిన పిల్లలు

జూన్ 30 వస్తే తెలుగు పల్లెల బడుల్లో పదవీ విరమణ సభలు వరసగా జరుగుతాయి. దానికి కారణం పాత అడ్మిషన్ రిజిస్టర్లలో ఉంది. అరవై ఏళ్ల క్రితం పిల్లలు పుట్టిన తేదీ రాసి పెట్టుకునే ఇళ్లు మన ఊళ్లలో తక్కువ. బడిలో వేసే రోజున అయ్యవారు పిల్లవాడిని ఎదురుగా నిలబెట్టి, కుడిచెయ్యి తలమీదుగా తిప్పి ఎడమచెవి పట్టుకోమనేవారు. చెవి అందితే ఐదేళ్లు నిండినట్టే. తండ్రిని అడిగితే ఏ వానాకాలంలోనో, ఏ జాతరకు ముందో పుట్టాడని చెప్పేవాడు. అయ్యవారు వెనక్కి లెక్కగట్టి జూలై 1 అని రాసేసేవారు. ఆ తేదీయే పదో తరగతి సర్టిఫికెట్‌లోకి, అక్కడి నుంచి సర్వీసు రిజిస్టరులోకి వెళ్లి స్థిరపడేది. నెల మొదటి తేదీన పుట్టిన ఉద్యోగి అంతకు ముందు నెల ఆఖరి రోజున విరమించాలన్నది నిబంధన. అలా ఒక తరం ఉపాధ్యాయుల్లో చాలామంది ఒకే రోజున బడి నుంచి సెలవు తీసుకుంటున్నారు.

నేను చెప్పబోయే హెడ్మాస్టరు గారి పుట్టిన తేదీ కూడా జూలై 1, 1962. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరిలో విరమణ వయసును 62కు పెంచారు కాబట్టి ఆయన 2024 జూన్ 30న విరమించారు. ఆ రోజు ఆదివారం. కర్నూలు జిల్లా ఆదోని వైపు, కన్నడ సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అది. సెలవు రోజు కావడంతో పక్క మండలాల ఉపాధ్యాయులు కూడా వచ్చారు. నేను ఆ బడిలో ఆయన దగ్గర తెలుగు చెప్పాను. ఆయన పేరు, ఊరి పేరు రాయడం లేదు. ఆయన తన ప్రసంగంలో పిల్లలను పేరుపేరునా చెప్పారు, ఆ పేర్లు కూడా రాయను. వాళ్లలో చాలామంది ఇంకా చిన్నవాళ్లు, వాళ్ల కష్టం పత్రికలోకి రావాలో వద్దో చెప్పవలసింది వాళ్లే.

పదవీ విరమణ సభ ఎలా నడుస్తుందో మనందరికీ తెలుసు. దంపతులను పక్కపక్కన కుర్చీల్లో కూర్చోబెడతారు. దండలు, శాలువాలు, జ్ఞాపికలు, సన్మాన పత్రం. వక్తలు ఒక్కొక్కరే లేచి ఎక్కడ ఉద్యోగంలో చేరారు, ఎప్పుడు స్కూల్ అసిస్టెంటు అయ్యారు, ఎప్పుడు గెజిటెడ్ హెడ్మాస్టరు అయ్యారు, ఏ ఏడు ఏ అవార్డు వచ్చింది, ఎంత శాతం ఫలితాలు తెచ్చారు అని చెబుతారు. ఇందులో తప్పేమీ లేదు. ముప్పై ఏళ్లకు పైగా పనిచేసిన మనిషికి ఒక రోజు దక్కవలసిన గౌరవమే అది. ఆ తర్వాత సన్మాన గ్రహీత లేచి అందరికీ కృతజ్ఞతలు చెప్పి, నా విద్యార్థులే నా ఆస్తి అంటారు. ఫలానావాడు డాక్టరు, ఫలానా అమ్మాయి అమెరికాలో ఇంజినీరు అని నలుగురి పేర్లు చెబుతారు. పిల్లల గురించి మాట్లాడినట్టే ఉంటుంది. అయితే శ్రద్ధగా వింటే అది కూడా తన సర్వీసు రిజిస్టరులో మరో పేజీ. ఆ నలుగురు పైకి వచ్చారు కాబట్టి తలచుకుంటున్నాం. వాళ్ల గొప్ప మన ఖాతాలో పడుతుంది. మిగతా పిల్లలు ఆ జాబితాలోకి ఎప్పటికీ రారు.

ఆ రోజు మాట్లాడినవారిలో ఒకరు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి కథ చెప్పారు. 1921లో ఆయన మైసూరు మహారాజా కళాశాల వదిలి కలకత్తా విశ్వవిద్యాలయానికి వెళుతున్నప్పుడు విద్యార్థులు గుర్రాలను విప్పేసి, పూలతో అలంకరించిన బండిని తామే రైల్వే స్టేషను దాకా లాక్కెళ్లారని చెబుతారు. ఉపాధ్యాయుల సభల్లో తరచూ వినిపించే కథ. ఆ వక్త మా హెడ్మాస్టరు గారిని అంతటి గురువుతో పోల్చి కూర్చున్నారు. అందరం చప్పట్లు కొట్టాం.

హెడ్మాస్టరు గారు మైకు ముందుకు వచ్చి మొదట అడిగింది ఒకటే. "ఆ బండి లాగిన పిల్లల్లో ఒక్కని పేరన్నా మనలో ఎవరికన్నా తెలుసునా?"

ఎవరికీ తెలియదు. ఆయన సమాధానం కోసం ఆగలేదు. చేతిసంచిలోంచి అట్ట చిరిగిన లాంగ్ నోట్‌బుక్ ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. "నా గురించి సార్లందరూ చెప్పినారు. నాకు మిగిలిన టయిములో ఈ బుక్కులో ఉండే పిల్లోళ్ల సంగతి చెప్తా" అన్నారు. అప్పటి నుంచి దాదాపు ముప్పావుగంట ఆయన ఆ పుస్తకం పేజీలు తిప్పుతూ మాట్లాడారు.

ఆ పుస్తకం ఏమిటో తెలియాలంటే ఆ ప్రాంతం సంగతి కొంత తెలియాలి. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో నీటి వసతి తక్కువ. వానల మీద ఆధారపడిన పంట. ఖరీఫు చేతికొచ్చినా రాకపోయినా దీపావళి దాటాక ఊళ్లో పని ఉండదు. అప్పుడు కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి పోతాయి. కొందరు పత్తి ఏరడానికి పోతారు. సంక్రాంతి నుంచి గుంటూరు, ప్రకాశం వైపు మిరప కోతలు మొదలవుతాయి. మేస్త్రీ ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చి మనుషులను మాట్లాడుకుంటాడు. ఒక రాత్రి వాహనం వస్తుంది. బియ్యం, సామాన్లు, బొంతలు, పసిపిల్లలు అందరూ ఎక్కుతారు. మిరప చేల పక్కన గుడారాలు వేసుకుని మార్చి, ఏప్రిల్ దాకా అక్కడే. తిరిగి వచ్చేసరికి బడి ఏడాది అయిపోతుంది.

అడ్మిషన్ రిజిస్టరులో బడి విడిచిన కారణం అని సన్నటి గడి ఒకటి ఉంటుంది. అందులో రెండు మాటలకే చోటు. టీసీ తీసుకున్నవాడికి టీసీ అని, రానివాడికి దీర్ఘకాలిక గైర్హాజరు అని రాస్తాం. ఎవరు ఎందుకు పోయారో, ఎక్కడ ఉన్నారో ఆ గడిలో పట్టదు. అందుకని హెడ్మాస్టరు గారు సొంతంగా ఆ లాంగ్ నోట్‌బుక్ పెట్టుకున్నారు. పిల్లవాడి పేరు, చివరిసారి బడికి వచ్చిన తేదీ, కబురు చెప్పింది ఎవరు, ఎవరి వెంట ఏ ఊరికి పోయాడు, ఇంట్లో ముసలివాళ్లు ఎవరైనా మిగిలారా, తిరిగి వచ్చిన తేదీ. ఆ చివరి గడి కొన్ని పేర్ల ఎదురుగా ఖాళీగానే ఉంది.

ఎవరు సుగ్గికి పోబోతున్నారో ముందుగా ఎలా తెలుస్తుందో ఆయన చెప్పిన తీరు నాకు ఇప్పటికీ జ్ఞాపకం. తల్లిదండ్రులను అడిగితే చెప్పరు. పంపొద్దని సారు బతిమాలతాడని తెలుసు. అడ్వాన్సు తీసుకున్నాక ఆ మాట వినే వీలు వాళ్లకు లేదు. ఈ గుట్టు ఆయనకు విప్పింది ఏడో తరగతి పిల్లవాడు ఒకడు. వాడు వాళ్ల మామ అంగడిలో సాయంత్రాలు కూర్చునేవాడు. "సార్, ఎవురి బాకీ తీరిందో చూడు సార్, ఆ ఇంటోళ్లు పోతారు" అన్నాడట. అడ్వాన్సు చేతికి రాగానే ముందు కట్టేది అంగడి బాకీ. అది కట్టకుండా ఊరు దాటితే తిరిగి వచ్చాక అప్పు పుట్టదు. నెలల తరబడి నలిగిన బాకీ ఒక్కరోజులో తీరిందంటే ఆ ఇంట్లో మూటలు కడుతున్నారన్న మాట. ఆ తర్వాత ప్రతి ఏడూ డిసెంబరులో హెడ్మాస్టరు గారు ఆ అంగడికి వెళ్లి కూర్చునేవారు. పై అధికారులకు వలస పిల్లల జాబితా పంపేటప్పుడు, మిగతా బడులకంటే మా బడి జాబితా ముందుగా, సరిగ్గా వెళ్లేదని మెప్పు వచ్చింది. "ఆ మెప్పు కాగితం నా పేరు మీదొచ్చింది. లెక్క చెప్పింది ఏడో తరగతి పిల్లోడు" అన్నారు ఆయన.

జాబితా ముందుగా ఎందుకు కావాలో చెప్పాలి. ఇలాంటి పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టల్ నడుపుతారు. అమ్మానాన్నలు పోయినా పిల్లలు బడిలోనే ఉండి చదువుకోవచ్చు. మధ్యాహ్న భోజనం ఎలాగూ ఉంటుంది, పొద్దున టిఫినూ రాత్రి అన్నమూ హాస్టల్ చూసుకుంటుంది. మంచి ఏర్పాటే. కాకపోతే అనుమతి కాగితం వచ్చేలోగా వాహనం వెళ్లిపోతే హాస్టల్ తెరిచి లాభం లేదు. తండ్రి పిల్లలను లెక్కేసుకునే అడ్వాన్సు తీసుకుని ఉంటాడు. పైగా ఆ హాస్టల్ ఏడాది పాపను చేర్చుకోదు. తల్లి మిరపకాయ కోస్తుంటే ఆ పాపను ఎత్తుకుని చెట్టు కింద కూర్చోవడానికి ఇంట్లో పెద్దపిల్ల కావాలి. తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలు ఎక్కువగా పోయేది అలాగే. వాళ్లు కూలికి పోరు, పసిపిల్ల కోసం పోతారు. అయితే పొలం దగ్గర ఉన్నాక చేతులు ఊరికే ఉండవు. పాప నిద్రపోగానే వాళ్లూ కోతకు దిగుతారు.

ఆయన ఎక్కువసేపు ఆగింది అలాంటి ఒక అమ్మాయి పేజీ దగ్గర. కొన్నేళ్ల కిందటి సంగతి. పదో తరగతి. నామినల్ రోల్స్‌లో పేరు వెళ్లింది, 125 రూపాయల పరీక్ష ఫీజు కట్టేశారు. జనవరిలో ఇంటివాళ్లతో వెళ్లిపోయింది. నోట్‌బుక్కులో ఆమె పేరు ఎదురుగా గుంటూరు వైపు అని మాత్రమే ఉంది, ఊరి పేరు లేదు. ఫోను చేస్తే మేస్త్రీ ఎత్తడు. పదో తరగతి పరీక్షలు మార్చిలో, మిరప కోతలు ముమ్మరంగా ఉండేదీ అప్పుడే. ఆ అమ్మాయి పరీక్షకు రాదనే అందరం అనుకున్నాం. హెడ్మాస్టరు గారు కూడా ఆశ వదిలేసుకున్నానని సభలో చెప్పారు.

ఫిబ్రవరిలో హాస్టల్ వంటమ్మ ఆయన దగ్గరికి పంచాయితీకి వచ్చింది. తన ఫోనును ఆడపిల్లలు రాత్రుళ్లు తీసుకుంటున్నారని, చార్జింగు అయిపోతోందని, రీచార్జి డబ్బులు ఎవరిస్తారని గొడవ. పిల్లలను పిలిచి అడిగితే మొదట నోరు విప్పలేదు. చివరికి ఒకతె చెప్పింది. పొలంలో ఉన్న ఆ అమ్మాయి పక్క గుడారంలో ఒకావిడ ఫోను అడిగి తీసుకుని రాత్రి భోజనాలయ్యాక వీళ్లకు మిస్డ్ కాల్ ఇస్తుంది. వీళ్లు తిరిగి చేసి ఆ రోజు క్లాసులో చెప్పింది గట్టిగా చదివి వినిపిస్తారు. సోమవారం సోషల్ ఒకతె, మంగళవారం సైన్సు ఇంకొకతె. లెక్కలు ఫోనులో చెప్పడం కుదరలేదు, అందుకని లెక్కలు వదిలేశారు. వరుస వేసుకున్నదీ, ఎవరు ఏం చదవాలో పంచుకున్నదీ వాళ్లే. బడిలో ఒక్క ఉపాధ్యాయుడికి కూడా ఈ సంగతి తెలియదు. తెలిస్తే ఫోను లాక్కుంటామని వాళ్ల భయం. "వాళ్లు అనుకున్నది నిజమే. ముందే తెలిసుంటే లాక్కుని ఉందుము" అన్నారు హెడ్మాస్టరు గారు.

పరీక్షలకు రెండు రోజుల ముందు ఆ అమ్మాయి వచ్చేసింది. ఊరికి తిరిగి వస్తున్న బంధువులావిడ వెంట గుంటూరులో రైలెక్కి, గుంతకల్లులో దిగి, అక్కడ ఇంకో బండి పట్టుకుని ఆదోని చేరింది. తండ్రి పంపనన్నాడు. తల్లి పసిపాపను తానే నడుముకు కట్టుకుని కోతకు దిగుతానని చెప్పి పంపింది. వచ్చిన రోజు సాయంత్రం నేను ఆ పిల్ల చేతులు చూశాను. పండుమిరప కోసిన చేతులు అవి. బొటనవేలి కొనా, చూపుడువేలి కొనా పొర లేచి ఎర్రగా ఉన్నాయి. మిరప ఘాటు నీళ్లతో కడిగితే పోదు, గోళ్ల సందుల్లోకి ఎక్కుతుంది, ఆ చేత్తో కన్ను తుడుచుకుంటే కన్ను మండిపోతుంది. పెన్ను పట్టుకోవలసింది సరిగ్గా ఆ రెండు వేళ్లతోనే. ఆమె పెన్నును చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ ఇరికించి రాయడం మొదలుపెట్టింది. అక్షరాలు పెద్దపెద్దగా, పక్కకు వాలిపోయి వచ్చేవి. పక్క పిల్లలు కొబ్బరినూనె రాసి, ఆ రెండు రోజులూ ఆమెను బట్టలు ఉతకనివ్వలేదు, కంచం కడగనివ్వలేదు. పరీక్ష హాలులో ఆ పట్టుతోనే రాసింది.

ఇక్కడ కథ చెప్పే మనిషి సాధారణంగా ఆ పిల్లను బడిలో మొదటి ర్యాంకు తెచ్చుకున్నట్టు చెబుతాడు. హెడ్మాస్టరు గారు ఉన్నది ఉన్నట్టు చెప్పారు. లెక్కల్లో తప్పింది. మిగతావన్నీ పాసయింది. ఫోనులో చదివి వినిపించిన పాఠాలన్నీ గట్టెక్కాయి, వినిపించలేని పాఠం తప్పింది. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీకి హాస్టల్ పిల్లల్లో లెక్కలు బాగా వచ్చిన ఒకతె ఇంటికి వెళ్లి ఆమెకు చెప్పింది. అప్పుడు పాసయింది. ఇంటర్ చదివింది, పెళ్లయింది, ఇప్పుడు తన కూతురిని అదే మండలంలో ఒకటో తరగతిలో వేసింది. "ఆ ఏడాది మా ఫలితాలు బాగున్నాయని పేపర్లో వచ్చింది. మీరు కట్టిన ఫ్లెక్సీలో కూడా ఆ ఏడు శాతం ఉంది. అందులో వంటమ్మ ఫోనుది ఎంత శాతమో నేను చెప్పలేను" అన్నారాయన. సభలో వంటమ్మ కూడా ఉంది. నవ్వుతూ తలకొంగు సర్దుకుంది.

ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసులో ఒక ఆలోచన తిరుగుతోంది. మన విద్యార్థుల గురించి చెప్పుకునే కథల్లో పని చేసేది దాదాపు ఎప్పుడూ గురువే. గురువు గుర్తించాడు, గురువు పుస్తకాలు కొనిచ్చాడు, గురువు ఫీజు కట్టాడు, పిల్లవాడు పైకొచ్చాడు. ఈయన చెప్పిన ఏ కథలోనూ హెడ్మాస్టరు ముఖ్యమైన పని చేయలేదు. చేసింది పిల్లలు. ఈయన ఆ పని జరిగిందని తెలుసుకున్నారు, తేదీ వేసి రాసుకున్నారు. తన చేత కాని చోట ఎవరు ఏం చేశారో గుర్తుపెట్టుకోవడమే తన ఉద్యోగంలో పెద్ద భాగం అనుకున్నారు. ఆయన వినయం కోసం ఇలా మాట్లాడారని సభలో కొందరు అన్నారు. నాకు అలా అనిపించలేదు. వినయస్థుడు తన గొప్పను తగ్గించి చెబుతాడు. ఈయన ఎవరి గొప్పనూ తగ్గించలేదు, ఎవరిది వారికి ఇచ్చారు. తనకు రావలసిన దాన్ని కూడా వదులుకోలేదు. ఆ పుస్తకం పెట్టింది తానేనని, ఏ ఏడూ దాన్ని ఆపలేదని స్పష్టంగానే చెప్పుకున్నారు.

చివరి గడి ఖాళీగా ఉన్నవాళ్ల సంగతి కూడా ఆయన దాటవేయలేదు. ఒక అబ్బాయి పేరు చదివి, "ఈ పిల్లోని ఎదురుగా నేను సుగ్గి అని రాసినా. అది తప్పు" అన్నారు. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడు. చాలా ఏళ్ల తర్వాత ఆదోని మార్కెట్టు దగ్గర కనబడితే, సుగ్గికి పోయి తిరిగి రాలేదెందుకురా అని ఈయన అడిగారు. వచ్చినాను సార్ అన్నాడు వాడు. ఏప్రిల్‌లోనే ఊరికి వచ్చాడు, జూన్‌లో బడికి వచ్చాడు, తరగతి పెరిగి ఎనిమిదిలో కూర్చున్నాడు. ఏడో తరగతిలో సగం పాఠాలు వినలేదు కాబట్టి ఎనిమిదో తరగతి లెక్కలు బోర్డు మీద ఏం జరుగుతోందో అర్థం కాలేదు. వెనక బెంచీకి జరిగాడు. జూలై అంతా అలా కూర్చున్నాడు. ఆగస్టులో వర్క్‌బుక్కులో ఒక్క లెక్క కూడా చేయలేదని నిలబెడితే ఆ మరుసటి రోజు నుంచి రాలేదు. అప్పుడు పొలం పనులు నడుస్తున్నాయి కాబట్టి ఎవరూ వేరే కారణం వెతకలేదు.

మా హెడ్మాస్టరు గారు ఆ మాట విన్నాక తన పుస్తకమంతా తిరగేశారట. రానివాళ్లలో చాలామందికి చివరి హాజరు తేదీ జనవరిలో లేదు, జూలై, ఆగస్టు నెలల్లో ఉంది. అంటే పిల్లలు వలసకు పోయినప్పుడు బడి వదలడం లేదు. తిరిగి వచ్చి, అర్థం కాని పాఠం ముందు రెండు నెలలు కూర్చుని, ఆ తర్వాత వదులుతున్నారు. మనం కాపలా కాస్తున్నది జనవరిలో, పిల్లవాడు జారిపోతున్నది ఆగస్టులో. ఏళ్ల తరబడి తన కళ్లముందున్న ఆ తేదీలను తాను చదవలేదని, చదివించింది బడి మానేసిన పిల్లవాడని ఆయన చెప్పినప్పుడు సభలో ఉన్న హెడ్మాస్టర్లు కొందరు జేబులోంచి పెన్నులు తీయడం చూశాను.

ఆ తర్వాత బడిలో ఒక పద్ధతి మొదలైంది, నేనూ అందులో పనిచేశాను. బడి తెరిచిన మొదటి పదిహేను రోజులు సుగ్గి నుంచి వచ్చిన పిల్లలకు కొత్త పాఠం లేదు. ఏ నెలలో వెళ్లారో చూసి, ఆ నెలలో తరగతిలో ఏ పాఠం జరిగిందో అక్కడి నుంచి మొదలుపెట్టేవాళ్లం. నోట్సు రాసిపెట్టినవాళ్లు బడిలోనే ఉన్న పిల్లలు కాబట్టి ఒక్కొక్కరికి ఒక తోడును ఇచ్చాం. తెలుగు, సోషల్ ఇలా నిలబడతాయి. లెక్కలకు పదిహేను రోజులు చాలవు, భిన్నాలు రాని పిల్లవాడికి బీజగణితం పట్టుబడదు. ఆ లోటు మేం పూడ్చలేకపోయాం. జూలై నెల హాజరు పట్టీలో వరసగా మూడు రోజుల గైర్హాజరు పడితే, ఆ ఇంటికి తోడు పిల్లవాడు వెళ్లి పిలిచేవాడు. సారు వెళ్తే తలుపు చాటుకు పోయే పిల్లలు స్నేహితుడు పిలిస్తే బయటికి వచ్చేవారు.

ఎనిమిదిలో బడి మానేసిన ఆ అబ్బాయి ఇప్పుడు టెంట్ హౌస్ నడుపుతున్నాడు. ఆ రోజు సభకు షామియానా వేసిందీ అతనే. హెడ్మాస్టరు గారు అతన్ని వేదిక మీదికి పిలవలేదు, వేలుపెట్టి చూపించలేదు. షామియానా వేసినవాడే ఆ అబ్బాయని నాకు తర్వాత తెలిసింది. ఒక మనిషి బడి మానేసిన సంగతి పదిమందిలో చెప్పేటప్పుడు, ఆ మనిషి అక్కడే ఉన్నాడని చూపించకపోవడం మర్యాద అని ఆయన అనుకున్నారట. ముందు రోజు అడిగి, చెప్పనా అని అనుమతి తీసుకున్నారని కూడా తెలిసింది. పిల్లల గురించి మాట్లాడడం ఎంత జాగ్రత్తగా చేయవలసిన పనో నాకు ఆ ఒక్క విషయంతో తెలిసొచ్చింది. విజయ కథల్లోనైనా పరాజయ కథల్లోనైనా వాళ్లను మన ప్రసంగానికి సరుకుగా వాడుకోకూడదు.

ప్రసంగం చివర ఆయన చేసిన పని అక్కడున్న చాలామందికి వింతగా తోచింది. హెడ్మాస్టరు విరమించేటప్పుడు చార్జి అప్పగింత జాబితా ఒకటి తయారవుతుంది. తాళాలు, క్యాష్ బుక్కు, రిజిస్టర్లు, లాబరేటరీ సామాను, బెంచీలు అన్నీ లెక్కపెట్టి రాసి, ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ సంతకాలు పెడతారు. ఆయన ఆ జాబితా ఆఖర్న లాంగ్ నోట్‌బుక్కు ఒకటి అని చేర్చి, అదనపు బాధ్యతలు తీసుకుంటున్న సీనియర్ టీచరు గారికి అందరి ముందూ ఇచ్చారు. "మేడం, దీనికి రూలేమీ లేదు. తనిఖీకి వచ్చినోళ్లు దీన్ని అడగరు. ఖాళీగా ఉండే గడులు మాత్రం మీరు చూడాల" అన్నారు. ఆవిడ తీసుకుని సంతకం పెట్టారు. ఆ తర్వాత దంపతులిద్దరూ అందరికీ నమస్కారం చేశారు. భోజనాలు మొదలయ్యాయి.

ఆ పుస్తకం ఇప్పటికీ ఆ బడిలో నడుస్తోంది. కాని దానికి ఒక హద్దు ఉంది. పిల్లవాడు ఏ వైపు పోయాడో అందులో రాయగలరు, అక్కడ వాడిని బడిలో కూర్చోబెట్టలేరు. ఆ పని మిరప చేలున్న ఊళ్లవాళ్లు చేయాలి. అందుకే హెడ్మాస్టరు గారు ప్రసంగంలో గుంటూరు, పల్నాడు, ప్రకాశం వైపు ఉండే వాళ్లకు చెప్పమని ఒక మాట అడిగారు, దాన్ని ఇక్కడ రాస్తున్నాను. 2009 నాటి విద్యా హక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి దాకా పిల్లలను టీసీ రాలేదని గానీ, వయసు ధ్రువపత్రం లేదని గానీ ఏ ప్రభుత్వ బడీ వెనక్కి పంపకూడదు. రెండు నెలలే ఉంటారు కదా అనే కారణం చట్టంలో లేదు. సంక్రాంతి తర్వాత మీ ఊరి చేల పక్కన గుడారాలు పడితే, బడి వేళకు అక్కడ పిల్లలు కనిపిస్తే, దగ్గరలో ఉన్న బడి హెడ్మాస్టరుకు ఒక మాట చెప్పండి. వాళ్ల ఊరేదో, అక్కడ ఏ తరగతి చదువుతున్నారో ఆ పిల్లలనే అడిగి తెలుసుకోండి. వాళ్ల బడికి ఒక ఫోను చేయించండి.